పేరు పట్టీలో ‘ఫిర్దౌస్’ మాత్రమే మిగిలింది: బాబరా, షాజహానా?

ప్రశ్న: మాది హైదరాబాదు. మా తాతగారి పెట్టెలో ఒక పాత బొమ్మ దొరికింది, అరచేతి కంటే కాస్త పెద్దది. పక్కకు తిరిగి నిలబడ్డ రాజు, తల వెనక బంగారు చక్రం, తలపాగా, నెరిసిన గడ్డం, చేతిలో పువ్వు. పైన పట్టీలో ఉర్దూలాంటి రాత ఉంది కానీ సగం పురుగు తినేసింది. పక్కింటి పెద్దాయన ‘ఫిర్దౌస్’ అని చదివి బాబర్ అన్నారు. ఇంకొకాయన కాదు షాజహాన్ అంటున్నారు. ఎవరిది కరెక్ట్? ఫోటోలు పెట్టాను.

సమాధానం:

షాజహాన్. మీరు పెట్టిన నాలుగు ఫోటోలు చూసి ఆ మాట ధైర్యంగానే చెప్తున్నాను. అయితే అది షాజహాన్ బొమ్మ అనడం వేరు, షాజహాన్ కాలంలో వేసిన బొమ్మ అనడం వేరు. రెండోది ఇప్పుడే చెప్పలేను. పైన ఉన్న రాత మాత్రం ఆయన చనిపోయాక రాసిందే.

మీ పక్కింటి పెద్దాయన చదివింది తప్పు కాదు. ఆయన ఎక్కడ పొరబడ్డారో ముందు చెప్తాను, ఎందుకంటే అదే పొరపాటు నేనూ ఒకసారి చేశాను, అదీ జీతం తీసుకుంటూ.

మొగల్ చక్రవర్తి చనిపోయాక అతన్ని పేరు పెట్టి రాయడం మర్యాద కాదు. స్వర్గాన్ని సూచించే ఒక బిరుదు పెట్టి, ఆ తర్వాత కాగితాల్లో దానితోనే ప్రస్తావించేవారు. బాబర్ ‘ఫిర్దౌస్ మకానీ’. హుమాయూన్ ‘జన్నత్ ఆష్యానీ’. అక్బర్ ‘అర్ష్ ఆష్యానీ’. జహంగీర్ ‘జన్నత్ మకానీ’. షాజహాన్ ‘ఫిర్దౌస్ ఆష్యానీ’. ఔరంగజేబు ‘ఖుల్ద్ మకాన్’. మకానీ అంటే అక్కడ నివాసమున్నవాడు, ఆష్యానీ అంటే అక్కడ గూడు కట్టుకున్నవాడు. ఫిర్దౌస్, జన్నత్ రెండూ స్వర్గమే. ఎక్కువగా ఈ నాలుగు ముక్కల్నే తిప్పి తిప్పి వాడారు కాబట్టి ఫిర్దౌస్ గాని, జన్నత్ గాని ఒక్కటే మిగిలితే ఇద్దరు మిగులుతారు. ఫిర్దౌస్ అంటే బాబర్ గాని, షాజహాన్ గాని. జన్నత్ అంటే హుమాయూన్ గాని, జహంగీర్ గాని. మీ పెద్దాయన ఇద్దరిలో మొదటివాణ్ణి తీసుకున్నారు, అంతే.

అందుకే నేను పేరు పట్టీని ఆఖర్న చదువుతాను. ముందు చదివితే కన్ను ఆ పేరుకి తగ్గట్టే బొమ్మను చూడ్డం మొదలుపెడుతుంది. నా పొరపాటు అలాగే జరిగింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఆల్బమ్ కాగితాలకు కార్డులు రాస్తున్నాను. ఒక పట్టీలో ‘జన్నత్’ స్పష్టంగా ఉంది, పక్కన మరక. నాకప్పటికి హుమాయూన్ బిరుదు ఒక్కటే నోటికి వచ్చు. కార్డు మీద హుమాయూన్ అని రాసేశాను. రెండేళ్ళ తర్వాత ఒక పెద్దావిడ ఆ కాగితం తీసి, ఏమీ అనకుండా చెవి దగ్గర వేలు పెట్టి చూపించారు. చెవికి ముత్యం వేలాడుతోంది. గడ్డం లేదు, మీసం ఉంది, చెంప మీదికి జారిన జులపం ఉంది. చిత్రాల్లో హుమాయూన్‌కి చిన్న గడ్డం ఉంటుంది. గడ్డం లేకుండా ముత్యాల పోగు పెట్టుకున్నవాడు జహంగీర్. జబ్బు చేసి కోలుకున్నాక, అజ్మీర్ ఖ్వాజా మొయినుద్దీన్ చిష్తీ మీద భక్తితో 1614లో చెవులు కుట్టించుకున్నానని ఆయనే తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. ఆ తర్వాత దర్బారులో వాళ్ళూ వీళ్ళూ కుట్టించుకున్నారు. బొమ్మలో ఇంత పెద్ద సాక్ష్యం ఉండగా నేను మరక పక్కనున్న ఒక్క మాటను నమ్మాను.

ఇక మీ బొమ్మ దగ్గరికి వద్దాం. పట్టీని చేత్తో మూసేసి కిందనుంచి చూడండి.

పక్కముఖం. మీ రాజు మనకు కుడివైపుగా చూస్తున్నాడు. ముఖం పూర్తిగా పక్కకు ఉంది, ఒకే కన్ను కనబడుతోంది. శరీరం మాత్రం కాస్త మనవైపు తిరిగి ఉంది. ఈ భంగిమ చూసి రాజెవరో చెప్పలేం, కాలం మాత్రం కొంత తెలుస్తుంది. అక్బర్ రోజుల్లో ముప్పాతిక ముఖం ఎక్కువ, అంటే రెండో కన్ను కూడా కాస్త కనబడేలా వేసేవారు. జహంగీర్ కాలంలో పూర్తి పక్కముఖం పెరిగి, షాజహాన్ కాలానికి చక్రవర్తిని వేరేలా వేయడమే అరుదైపోయింది. దీనికి దర్బారు మర్యాద ఒక కారణం. ఝరోఖాలో, అంటే కోట గోడ మీది దర్శనపు కిటికీలో, కనబడే చక్రవర్తి ఎవరినీ ఎదురుగా చూడడు, ఎవరి చూపుతోనూ చూపు కలపడు. నా దృష్టిలో అంతకంటే గట్టి కారణం పని పద్ధతి. చిత్రకారుల దగ్గర ‘చర్బా’ ఉండేది. పలుచటి, అవతలిది కనబడే జింక తోలు మీద ముఖరేఖ గీసి, ఆ గీత వెంట సూదితో సన్నటి చిల్లులు పొడిచేవారు. కాగితం మీద దాన్ని పరిచి బొగ్గుపొడి మూటతో అద్దితే చుక్కల్లో ముఖం దిగిపోయేది. నుదురు, ముక్కు, పెదవి, గడ్డం వరకు నడిచే ఒక్క గీతలో మనిషి పోలిక మొత్తం ఇమిడిపోవాలంటే పక్కముఖమే అనుకూలం. తండ్రి గీసిన చర్బా కొడుక్కీ మనవడికీ పనికొచ్చేది. అందుకే చక్రవర్తి చనిపోయి నూరేళ్ళయినా అదే ముక్కు, అదే నుదురు వస్తుంటాయి. మనం గుర్తుపట్టగలుగుతున్నదీ అందుకే, మోసపోతున్నదీ అందుకే.

చర్బాకి రెండు వైపులుంటాయి, తిరగేసి వాడితే ముఖం ఎడమకి తిరుగుతుంది. మీకు ఇది అవసరం పడలేదు కానీ తెలిసి ఉంటే మంచిది. తండ్రి అక్బర్‌కి ముక్కుకి ఎడమవైపు అరబఠాణీ గింజంత పులిపిరి ఉండేదని జహంగీర్ రాశాడు. మనకు కుడివైపుగా చూసే ముఖంలో కనబడేది కుడిచెంప. కాబట్టి అలాంటి పక్కముఖంలో పులిపిరి స్పష్టంగా కనబడితే, ఎవరో బొమ్మను తిరగేసి పోలికను మాత్రం మోసుకొచ్చారని అర్థం. నాకు అలాంటివి రెండు తగిలాయి. రెండూ బాగా తర్వాతి కాలపు నకళ్ళే.

మీ బొమ్మలో జామాకి, అంటే చంక కింద కట్టే పొడుగు అంగీకి, ముడి కుడిచంక కింద ఉంది. ముస్లింలు జామాను కుడివైపు, హిందువులు ఎడమవైపు కట్టుకునేవారు, చిత్రకారులు ఈ తేడాను పట్టుబట్టి పాటించారు. మీది కుడివైపే కాబట్టి ఇక్కడ గందరగోళం లేదు. ముడి ఎడమవైపు ఉండి ఉంటే రాజపుత్ర రాజేమో అని ఆలోచించాల్సి వచ్చేది, లేదా తిరగేసిన నకలేమో అని.

తల వెనక చక్రం. దీన్ని చూసి చాలామంది ‘చక్రవర్తే, డౌటే లేదు’ అంటారు. అంత తేలిక కాదు. అక్బర్ బతికుండగా వేసిన బొమ్మల్లో ఇది ఉండదు. 1580లో ఫతేపూర్ సిక్రీకి వచ్చిన జెస్యూట్ పాదిరీలు, వాళ్ళ తర్వాత వచ్చినవాళ్ళు ఏసు, మరియ, సెయింట్ల అచ్చుబొమ్మలు తెచ్చారు. మొగల్ చిత్రకారులు వాటిని చూసి చూసి నకళ్ళు తీశారు. వాటిలోని వెలుగు చక్రం జహంగీర్ కాలంలో చక్రవర్తి తల వెనకకి చేరింది. అజంతా గోడల మీద బుద్ధుడి తల వెనక వెయ్యేళ్ళ ముందే ఉన్న చక్రం, ఇలా యూరప్ చుట్టొచ్చి మళ్ళీ మన కాగితం మీద పడింది. జహంగీర్ బిరుదు నూరుద్దీన్, అంటే ధర్మానికి వెలుగు, కాబట్టి ఆయనకి ఇది బాగా నచ్చి ఉంటుంది. చిత్రకారుడు బిచిత్ర్ వేసిన ఒక బొమ్మలో, అది ఇప్పుడు వాషింగ్టన్‌లో ఫ్రియర్ గ్యాలరీలో ఉంది, జహంగీర్ తల వెనక సూర్యచంద్రులిద్దర్నీ కలిపి ఇంత పెద్ద చక్రం పెట్టాడు. దాని వెలుగుకి అక్కడి బుల్లి దేవదూతల్లో ఒకడు కళ్ళు మూసుకుంటాడు.

అసలు చిక్కు ఆ తర్వాత వస్తుంది. చక్రం ఒకసారి అలవాటయ్యాక వెనకటివాళ్ళకీ పెట్టేశారు. తైమూర్, బాబర్, హుమాయూన్, అక్బర్ అందరికీ. కాబట్టి చక్రం ఉంది గనక బాబర్ కాదు అనలేం. ‘ఈ కాగితం 1610ల కంటే ముందుది కాదు’ అని మాత్రం అనగలం. ఆ తర్వాత అది రాజస్థాన్‌కీ పాకింది. 18వ శతాబ్దంలో ఉదయపూర్ మహారాణాలకి ప్రతి బొమ్మలోనూ దాదాపు ఉంటుంది, వేటకి వెళ్ళినా ఏనుగెక్కినా సరే.

పైగా చక్రాన్ని తర్వాత అతికించడం కూడా ఉంది. నా దగ్గరికి ఒకసారి ఒక వ్యాపారి ‘ఔరంగజేబు’ బొమ్మ తెచ్చాడు. మనిషి చేతులు కట్టుకుని నిలబడ్డాడు, ముందు నేలమీద ఏమీ లేదు, వెనక ఖాళీ ఆకుపచ్చ. చేతులు కట్టుకోవడం కొలువులో ప్రభువు ముందు నిలబడే పద్ధతి. చక్రవర్తి ఎవరి ముందు చేతులు కట్టుకుంటాడు? భూతద్దం పెట్టి తలపాగా మీది ఈక చూశాను. అసలు చక్రం ఉంటే ముందు బంగారం పూసి, దానిమీద ఈక వెంట్రుకల్ని సన్న కుంచెతో ఒక్కొక్కటిగా లాగుతారు. ఇక్కడ అందుకు తలకిందులుగా ఉంది. బంగారం ఈక చుట్టూ తడబడుతూ తిరిగింది, రెండు మూడు చోట్ల వెంట్రుకల కొసల్ని కప్పేసింది. కొలువులో ఉండే ఒక ఉమ్రావు బొమ్మకి ఎవరో చక్రం తగిలించి చక్రవర్తిని చేశారు. పైగా అది బంగారమూ కాదు, ఇత్తడి పొడి. చక్రం అంచు గోధుమ రంగులోకి, అక్కడక్కడ ఆకుపచ్చగా తిరిగింది. బంగారం అలా తిరగదు.

మీరు పంపిన మూడో ఫోటోలో ఈక కొసలు బంగారం మీదే స్పష్టంగా కనబడుతున్నాయి. మీ చక్రం బొమ్మతో పుట్టిందే.

తలపాగా, బట్టలు. బాబర్, షాజహాన్ విడిపోయేది ఇక్కడే. ఇద్దరికీ గడ్డం ఉంది, ఇద్దరికీ చక్రం పెట్టారు, ఇద్దరి బిరుదూ ఫిర్దౌస్‌తోనే మొదలవుతుంది. తలపాగా మాత్రం ఇద్దరిదీ ఒకటి కాదు.

బాబర్ మధ్య ఆసియా నుంచి వచ్చినవాడు. ఆయన బొమ్మల్లో తలపాగా ఒక ‘కులా’ చుట్టూ, అంటే నిట్టనిలువుగా ఉన్న టోపీ చుట్టూ, తెల్లటి గుడ్డ వదులుగా చుట్టినట్టుంటుంది, మధ్యలోంచి టోపీ కొస పైకి కనబడుతుంది. ఒంటిమీద ముందు తెరుచుకునే పొడుగు అంగీ, దానిపైన పొట్టిచేతుల ఇంకో అంగీ. చంక కింద ముడివేసే పలుచటి జామా ఆయనది కాదు, అది అక్బర్ కాలం నుంచి దర్బారు బట్టగా స్థిరపడింది. బాబర్‌ని చూసి వేసిన బొమ్మ అని గట్టిగా చెప్పగలిగేది ఒక్కటీ లేదు. 1589లో ఆయన ఆత్మకథను పారసీలోకి తెచ్చి, దానికి బొమ్మలు వేయించిన రోజుల్లో అక్బర్ చిత్రకారులు ఆయనకి ఒక రూపం ఇచ్చారు, తర్వాతివాళ్ళు దాన్నే పట్టుకున్నారు.

హుమాయూన్ టోపీ గురించి అడక్కపోయినా చెప్పాలనిపిస్తోంది. ఆయన తనే ఒక టోపీ పద్ధతి పెట్టి ‘తాజ్-ఎ-ఇజ్జత్’ అన్నాడు. అంచును రెండుచోట్ల అరబిక్ ఏడు అంకెలా చీల్చేవారు, ఆ అంకె ఇంగ్లీషు V ఆకారంలో ఉంటుంది. ఏడు అంకెలు రెండు పక్కపక్కన పెడితే 77. ఒక్కో అరబిక్ అక్షరానికి ఒక్కో అంకె ఇచ్చే లెక్కలో ‘ఇజ్జ్’ అనే మాట విలువ 70కి 7 కలిపి సరిగ్గా 77. ఎత్తుగా, మొనతేలి, అంచు చీలిన ఆ టోపీ కనబడితే ఇంక పట్టీ చదవక్కర్లేదు.

అక్బర్ తలపాగా చిన్నది, తలకి అంటుకుని ఉంటుంది. జహంగీర్‌ది కాస్త వెనక్కి లాగినట్టుండి, వేరే రంగు పట్టీ చుట్టి, వెనక్కి వాలే ఈక ఉంటుంది. షాజహాన్‌ది బిగుతుగా, పొందిగ్గా, అడ్డంగా మంచి పట్టీతో, పైన నిలువుగా నిలిచే రత్నాల కల్గీతో, ముత్యాల వరసలతో ఉంటుంది. ఆయనకి రత్నాల పిచ్చి ఎంతో తెలిసిందే. మీ రాజు తలమీద ఉన్నది ఇదే. నడుముకి కట్టిన పట్కా కొసల్లో మొదలు, ఆకులతో సహా వేసిన పూలమొక్కల వరస ఉంది చూడండి. ఆ డిజైన్ జహంగీర్ చివరి రోజుల నుంచి, ముఖ్యంగా షాజహాన్ కాలంలో నిండుగా కనబడుతుంది. అక్బర్ కాలపు పట్కాల్లో గళ్ళు, గీతలే ఎక్కువ. బాబర్‌కి జామా తొడిగి, పూల పట్కా కట్టి, చేతికి పువ్వు ఇచ్చే చిత్రకారుడు ఉండడని కాదు గానీ, నేనైతే ఇంతవరకు చూడలేదు.

గడ్డం మాట కూడా. షాజహాన్‌ది దగ్గరగా కత్తిరించిన గుండ్రటి గడ్డం, మీసం దానిలో కలిసిపోతుంది. 1631 జూన్‌లో ముంతాజ్ మహల్ చనిపోయే ముందు ఆయన గడ్డంలో పదీ పన్నెండు తెల్లవెంట్రుకల కంటే ఎక్కువ లేవనీ, ఆ తర్వాత కొద్దిరోజుల్లోనే మూడోవంతుకి పైగా నెరిసిపోయిందనీ ఆస్థాన చరిత్రకారులు రాశారు. కాబట్టి మీ బొమ్మలో రాజు నలభైకి దగ్గరపడ్డవాడో, దాటినవాడో. యువరాజు ఖుర్రంగా ఉన్నప్పటి చర్బా కాదు వాడింది.

ముగ్గురు ముఖాలూ ఒకేచోట పోల్చుకోవాలంటే డబ్లిన్‌లో చెస్టర్ బీటీ లైబ్రరీలో ఉన్న బిచిత్ర్ బొమ్మ వెతకండి. సుమారు 1630లో వేసింది. అందులో అక్బర్ కిరీటాన్ని కొడుకు జహంగీర్‌ని దాటించి మనవడు షాజహాన్ చేతిలో పెడుతుంటాడు. తాతా తండ్రీ ఇద్దరికీ మీసమే, మనవడికి గడ్డం. మా దగ్గరికి పని నేర్చుకోవడానికి వచ్చిన పిల్లలకి నేను మొదటిరోజు చూపించేది అదే.

ఇప్పుడు పట్టీ మీద చెయ్యి తీయండి.

పట్టీలో ఏం వెతకాలి. మీ ఫోటోలో మొదటి మాట ‘షబీహ్’, అంటే పోలిక, చిత్తరువు. తర్వాతిది ‘ఫిర్దౌస్’. ఆ పక్కన పురుగు తిన్న చోటు, దాని తర్వాత ‘ఆనీ’ అని ముగిసే తోక. ఆ తోక ఎందుకూ పనికిరాదు, మకానీ అయినా ఆష్యానీ అయినా అలాగే ముగుస్తుంది. తేడా మాట మొదట్లో ఉంది. మకానీలో మొదట మీమ్ చిన్న ముడి, వెంటనే కాఫ్ అక్షరం. కాఫ్‌కి పైన ఏటవాలుగా ఒక పొడుగు గీత ఉంటుంది, నస్తాలీఖ్ రాతలో అది చాలా దూరం సాగుతుంది. ఆష్యానీలో మొదట నిలువు అలిఫ్, తర్వాత షీన్, షీన్ పైన మూడు చుక్కలు, ఆ తర్వాతి ‘యా’ కింద రెండు చుక్కలు. పురుగు మాట మధ్యభాగాన్ని తినేసినా, పైన ఎగరేసి పెట్టిన చుక్కలు చాలాసార్లు మిగులుతాయి.

రాత్రిపూట గదిలో లైట్లు ఆపి, టార్చి కాగితానికి పక్కనుంచి, దాదాపు పడుకోబెట్టినట్టు పట్టండి. గుంటలు, మిగిలిన సిరా గట్లు తేలతాయి. కన్నం పైఅంచు దగ్గర ఏటవాలు గీత కొస కనబడితే నా మాట తప్పు. మూడు చుక్కల గుంపులో కనీసం ఒకటో రెండో కనబడితే ఆష్యానీ. మీ రెండో ఫోటోని పెద్దది చేసి చూస్తే కన్నం పైన కుడివైపు ఒక చుక్క, దాని పక్కన సగం చుక్క ఉన్నట్టే ఉంది. అది ఈగ మచ్చ కూడా కావచ్చు. సిరా అయితే కలం కొసతో పెట్టింది గనక చుక్క పలకలా, నాలుగు మూలలతో ఉంటుంది. ఈగ మచ్చ గుండ్రంగా, కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది. దాన్ని గోటితో గీకి చూడకండి, తడిగుడ్డ అసలు పెట్టకండి.

బిరుదు వాడారంటే రాసేనాటికి షాజహాన్ చనిపోయి ఉండాలి, అంటే 1666 జనవరి తర్వాత. బతికుండగా అయితే పేరో, ‘సాహిబ్-ఎ-ఖిరాన్-ఎ-సానీ’ అన్న బిరుదో రాసేవారు. కానీ పట్టీ వయసు బొమ్మ వయసు కాదు. పట్టీలు తర్వాత అతికించడం మామూలే. ఒక్కోసారి పేరుతోపాటు ముఖాన్నే చేర్చేస్తారు. బ్రిటిష్ మ్యూజియంలో గుడ్డమీద వేసిన పెద్ద బొమ్మ ఒకటుంది, తైమూర్ వంశపు రాజుల కొలువు. వేసింది 1550ల ప్రాంతంలో, హుమాయూన్ రోజుల్లో. అందులో జహంగీర్, షాజహాన్ కూడా పేర్లతో సహా కూర్చుని ఉంటారు. వాళ్ళప్పటికి పుట్టనేలేదు. 17వ శతాబ్దంలో వారసులు తమ ముఖాల్ని అందులో వేయించుకున్నారు.

మీ కాగితంలో పట్టీకీ బొమ్మకీ మధ్య ఎర్రగీత, బంగారు గీత వెళ్తున్నాయి. ఆ గీతల కింద అతుకు ఉందా, ఒకే కాగితమా అన్నది ఫోటోలో తెలియడం లేదు. అతుకు ఉంటే బొమ్మ పట్టీ కంటే పాతది కావచ్చు. ఒకే కాగితమైతే బొమ్మ కూడా 1666 తర్వాతదే కావచ్చు.

తర్వాతి నకలా అన్నది తలపాగాయే చెప్తుంది. 18వ శతాబ్దపు చిత్రకారుడు పాత చర్బాతో ముఖం దించుకుంటాడు, దాన్ని మార్చడానికి భయపడతాడు. బట్టల దగ్గరికొచ్చేసరికి చెయ్యి అలవాటు మీద నడుస్తుంది. కాబట్టి షాజహాన్ ముఖం మీద మహమ్మద్ షా రోజుల ఎత్తైన, వెనక ఉబ్బిన తలపాగా వచ్చి కూర్చుంటుంది. ముఖం తాతది, తలపాగా మునిమనవడి కొడుకుది. మీ బొమ్మలో తలపాగా ముందుభాగం సరిగ్గానే ఉంది, వెనకభాగం మాత్రం నాకు కొంచెం ఎక్కువ ఎత్తుగా అనిపిస్తోంది. ఫోటో వంకరగా తీయడం వల్ల కూడా అలా ఉండొచ్చు.

మీది హైదరాబాదు అన్నారు గనక ఇంకొక అవకాశం కూడా చెప్పాలి. 1680లలో గోల్కొండలో రాజుల బొమ్మల్ని సెట్లుగా వేసి అమ్మేవారు. తైమూర్ నుంచి ఔరంగజేబు దాకా మొగలులు, బీజాపూర్ ఆదిల్‌షాహీలు, మన కుతుబ్‌షాహీలు, అందరూ ఒకే సైజులో, ఒకే తీరులో, ఒక్కొక్కరికి పేరు రాసి ఉండేవారు. కొన్నవాళ్ళలో మచిలీపట్నం వైపు నుంచి వ్యాపారం చేసిన డచ్చివాళ్ళు ముఖ్యులు. ఆమ్‌స్టర్‌డామ్ మేయర్ నికొలాస్ విట్సెన్ దగ్గరికి చేరిన అలాంటి ఆల్బమ్, 49 బొమ్మలతో, ఇప్పుడు అక్కడి రైక్స్ మ్యూజియంలో ఉంది. బొమ్మలన్నీ ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడొచ్చు. పేర్లు తెలిసిన ముఖాలు వరసగా దొరుకుతాయి గనక పోల్చుకోవడానికి అంతకంటే సులువైన దారి లేదు. మీ కాగితం సైజు, ఒంటరిగా నిలబడ్డ మనిషి, ఖాళీ వెనకభాగం, పైన పేరు, ఇవన్నీ అలాంటి సెట్లోంచి విడిపోయిన కాగితానికి సరిపోతాయి. గోల్కొండ చెయ్యి అయితే రంగులు మొగల్ బొమ్మ కంటే చిక్కగా, బట్ట మీద బంగారం ఎక్కువగా ఉండాలి. మీ ఫోటోలో పసుపు లైటు పడింది, రంగు గురించి నేనేమీ అనను.

చివరి అవకాశం 19వ శతాబ్దపు ఢిల్లీ నకలు. వీటిని తక్కువగా అంచనా వేయకండి. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలోని కెవోర్కియన్ ఆల్బమ్‌లో జహంగీర్, షాజహాన్ కాలపు అసలు కాగితాల మధ్య 19వ శతాబ్దం మొదట్లో వేసిన నకళ్ళు కూడా కలిపి కుట్టేశారు. చాలాకాలం పాటు చూసినవాళ్ళు అన్నీ ఒకటే అనుకున్నారు. ఇంట్లో చేసుకోగల పరీక్ష ఒకటుంది. కాగితానికి వెనక అట్ట అతికించి లేకపోతే కిటికీకి అడ్డంగా పట్టుకుని చూడండి. ఇంగ్లీషు మిల్లు కాగితమైతే లోపల నీటిగుర్తు, ‘వాట్‌మన్’ లాంటి పేరు, ఒక్కోసారి ఏడాది కూడా కనబడుతుంది. అలా కనబడితే వెతుకులాట అక్కడితో అయిపోయినట్టే. కనబడకపోతే మాత్రం ఏదీ తేలినట్టు కాదు.

ఇప్పుడు నాకు మూడు ఫోటోలు కావాలి. కాగితం వెనకభాగం మొత్తం, అక్కడ రాతగానీ అంకెగానీ ముద్రగానీ ఉంటే దగ్గరగా. పక్కనుంచి టార్చి వేసి తీసిన పట్టీ. పగటి వెలుతురులో, ఫోన్‌ని కాగితానికి సమానంగా పట్టుకుని తీసిన తల, తలపాగా. అంచున ఒక స్కేలు పెట్టి తీయండి, సైజు తెలిస్తే గోల్కొండ సెట్ల సంగతి చూడొచ్చు. ఫ్రేము అంగడికి మాత్రం ఇప్పుడే తీసుకెళ్ళొద్దు, వాళ్ళు ముందు చేసే పని అంచులు కత్తిరించడమే.